కనబడని బస్తా ఎవరి ఖాతాలో?

"ఫోటోలో 300 బస్తాలు ఉన్నాయి. లారీ ఎక్కినవి 292. మిగతా ఎనిమిది ఎటు పోయినట్టు?"

మొన్నటి సీజన్‌లో మన సంఘ సభ్యుడైన ఒక కౌలు రైతును కొనుగోలు కేంద్రం దగ్గర అందరి ముందూ అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర కాంటా చీటీలు ఉన్నాయి. వాటి మొత్తం 292. కాంటా పెట్టినవాళ్లూ, సంచులు కుట్టినవాళ్లూ, మోసినవాళ్లూ అక్కడే ఉన్నారు. అయినా అడిగినవారు చీటీలు చూడలేదు, మనుషుల్ని అడగలేదు. సెల్‌ఫోన్ తెరిచి ఫోటో చూపించారు. ఫోటో అబద్ధం చెప్పదన్నారు.

ఫోటో అబద్ధం చెప్పదు, నిజమే. కానీ ఆ ఫోటో 300 అని ఎక్కడా చెప్పలేదు. చెప్పింది చూసిన మనిషి. ముందు వరుస లెక్కపెట్టి, పక్క వరుస లెక్కపెట్టి, ఎత్తు లెక్కపెట్టి, మూడింటినీ హెచ్చవేసి 300 అన్నాడు. అంటే ఫోటోలో కనబడని బస్తాలను మనసులో పేర్చుకున్నాడు. ఆ పేర్పులో వచ్చిన తప్పును మోయాల్సింది మాత్రం రైతు అన్నాడు. ఈ సంచికలో మేము దీని గురించే మాట్లాడదలిచాం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇది ఒక కేంద్రంలో ఒక ఉద్యోగి చేసిన పొరపాటుగా ముగిసే విషయం కాదు. ఫోటో చూసి బస్తాలు లెక్కగట్టే ప్రతిచోటా ఇది జరగగలదు.

ఆ రోజు లెక్క ఎలా కట్టారు

ఆ రైతుది సన్న రకం, ఏ గ్రేడు ధాన్యం. బస్తాకు 40 కిలోల చొప్పున 292 బస్తాలు, అంటే 116 క్వింటాళ్ల 80 కిలోలు. తూకమైన రోజునే హమాలీలు కేంద్రం పక్కన వాటిని పేర్చారు. అన్ని బస్తాలనూ ఒకే దిక్కుగా, మూతులు రోడ్డు వైపు ఉండేలా పెట్టారు. రోడ్డు వైపు పొడవునా పది బస్తాలు. లోపలికి ఐదు వరుసలు. ఎత్తు ఆరు పొరలు. పైన టార్పాలిన్ కప్పారు. లారీ వస్తుందన్నారు, రాలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. మధ్యలో ఒక రాత్రి గట్టి వాన కురిసింది.

వాన వెలిసిన మర్నాడు కేంద్రంలో ఎంత నిల్వ ఉందో పైకి పంపాలని ఫోటో తీశారు. టార్పాలిన్ అంచులు పైకి మడిచి, రోడ్డు మీద మూలగా నిలబడి తీసిన ఒకే ఒక్క ఫోటో అది. అందులో రోడ్డు వైపు ముఖం కనిపిస్తుంది, ఒక పక్క ముఖం కనిపిస్తుంది. పైభాగం మీద టార్పాలిన్ ఉంది. పది ఇంటూ ఐదు ఇంటూ ఆరు, మూడు వందలు. రిజిస్టరులో అదే ఎక్కింది.

ఇప్పుడు ఆ ఫోటోలో కంటికి నిజంగా కనిపించిన బస్తాలు ఎన్నో మనమే లెక్కపెడదాం. రోడ్డు వైపు పది నిలువు వరుసలు, ఒక్కో దాంట్లో ఆరు, మొత్తం 60. పక్క వైపు ఐదు నిలువు వరుసలు, ఒక్కో దాంట్లో ఆరు, మొత్తం 30. కానీ మూల మీద ఉన్న ఆరు బస్తాలు రెండు వైపుల నుంచీ కనబడతాయి. వాటిని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకసారి తీసేయాలి. 60కి 30 కలిపి 6 తీసేస్తే 84.

అంటే 300లో చూసింది 84. చూడకుండా చెప్పింది 216. ప్రతి పది బస్తాల్లో ఏడు ఊహ మీద నిలబడ్డవి. ఈ ఒక్క సంగతి ఆ రిజిస్టరులో రాసి ఉంటే గొడవ ఉండేది కాదు. "కనిపించినవి 84, మిగతావి అంచనా" అని ఎవరూ రాయరు. 300 అని రాస్తారు. రాసిన మరుక్షణం నుంచి అంచనాకు లెక్క అనే పేరు వస్తుంది.

ఎనిమిది బస్తాలు ఎక్కడున్నాయి

ఆ ఎనిమిది బస్తాలు ఎక్కడికీ పోలేదు. అసలు లేనేలేవు.

ఒక్కో పొరకు 50 బస్తాలు పడుతుంది. ఐదు పొరలు నిండుగా వేస్తే 250. ఇక మిగిలినవి 42. ఆరో పొరను హమాలీలు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ పోయారు. నాలుగు వరుసలు నిండాయి, 40 అయ్యాయి. రెండు బస్తాలు మిగిలాయి. వాటిని చిట్టచివరి వెనక వరుసలో, ఒక పక్క అంచున పెట్టారు. ఆ వరుసలో మిగిలిన ఎనిమిది స్థానాలు ఖాళీ. దాని మీదుగా టార్పాలిన్ లాగి కట్టారు.

ఆ రెండు బస్తాలు పెట్టిన అంచే ఫోటోలో పడ్డ పక్క. అందువల్ల పక్క ముఖంలో ఐదో నిలువు వరుస కూడా ఆరు బస్తాల ఎత్తుతో నిండుగా కనిపించింది. ముందు నుంచి చూస్తే నిండుగా ఉంది, పక్క నుంచి చూస్తే నిండుగా ఉంది. వెనక ఎనిమిది బస్తాల మేర పల్లం ఉందని ఆ రెండు ముఖాలు చూసిన ఎవరికీ తెలిసే వీలు లేదు. ఫోటో తీసినవారు నాలుగు అడుగులు నడిచి వెనక్కి వెళ్లి ఉంటే, లేదా టార్పాలిన్ తీసి ఉంటే, ఒక్క చూపులో తెలిసేది.

ఎనిమిది బస్తాలంటే మూడు క్వింటాళ్ల ఇరవై కిలోలు. 2025-26 మద్దతు ధర ఏ గ్రేడుకు క్వింటాలుకు రూ.2,389. ఆ లెక్కన రూ.7,644 పైచిలుకు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పండించిన మనిషికి ఇది చిన్న మొత్తం కాదు. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. లెక్క తేలేదాకా మొత్తం బిల్లే ఆపారు. "రాత్రిపూట ఎవరైనా ఎత్తుకుపోయారేమో, హమాలీలను అడగండి" అన్న మాట కూడా వచ్చింది. లేని బస్తాలకు దొంగలు కూడా తయారయ్యారు. పగలంతా మోసిన హమాలీలు ఆ మాట పడాల్సి వచ్చింది.

చివరకు విషయం తేల్చింది కూడా ఒక ఫోటోనే. పేర్చిన రోజు, టార్పాలిన్ కప్పకముందు, రైతు కొడుకు కేంద్రం వరండా మెట్లెక్కి వెనక వైపు నుంచి ఒక ఫోటో తీశాడు. తన తండ్రి పంటను చూసుకుందామని తీసుకున్న ఫోటో అది. అందులో వెనక వరుస పల్లం, దాని అంచున ఉన్న రెండు బస్తాలు స్పష్టంగా ఉన్నాయి. సంఘం తరఫున ఆ ఫోటోను, కాంటా చీటీలను పక్కపక్కన పెట్టి చూపించాం. రిజిస్టరు దిద్దారు, బిల్లు కదిలింది. ఆ అబ్బాయి ఆ రోజు ఫోను తీసి ఉండకపోతే ఏమయ్యేదో మనమే ఆలోచించుకోవాలి.

తడిసిన బస్తాల దగ్గర ఇదే ఫోటో ఏం చేసింది

ఇంతవరకు చెప్పింది పొరపాటు. ఇక చెప్పబోయేది అన్యాయం.

వాన రాత్రి నీళ్లు పైనుంచి రాలేదు. టార్పాలిన్ బాగానే ఉంది. నీళ్లు కిందినుంచి వచ్చాయి. బస్తాల కింద చెక్కలు వేయలేదు, మట్టి నేల మీదే పేర్చారు. రోడ్డు మీది నీళ్లు పల్లానికి పారి అడుగు పొర కింద నిలిచాయి. అడుగు పొరలో 50 బస్తాలున్నాయి. యాభైకి యాభై తడిశాయి.

తడిసిన వాటిని నమోదు చేయడానికి కూడా ఆ ఫోటోనే వాడారు. అడుగు పొరలో రోడ్డు వైపు పది, పక్క వైపు ఐదు, మూల బస్తా ఒకటి రెండుసార్లు వస్తుంది కాబట్టి మొత్తం 14 కనిపిస్తాయి. రిజిస్టరులో "తడిసినవి 14" అని రాశారు. మిగిలిన 36 లోపల ఉన్నాయి, వెనక ఉన్నాయి, ఫోటోలో లేవు.

అడుగు పొరలో ముందున్నవి తడిస్తే వెనకవి పొడిగా ఉంటాయా? నీళ్లు అడుగున నిలిస్తే ముందు వరుస దగ్గర ఆగుతాయా? ఇది చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. నిజానికి లోపలి బస్తాలకు గాలి తగలదు, ఆరవు, ముందుగా మొలకెత్తేవీ వేడెక్కేవీ అవే. హమాలీ మేస్త్రీ ఆ మాటే చెప్పాడు. "జాబితాలో 14 అనే ఉంది" అన్న జవాబు వచ్చింది. మిల్లులో దింపేటప్పుడు తేమ 17 శాతం దాటిన బస్తాలు పక్కన పెట్టారు. జాబితాలో ఉన్న 14కు వాన దెబ్బ కింద కోత లేదు. జాబితాలో లేని 36కు బస్తాకు రెండు కిలోల చొప్పున 72 కిలోలు తరుగు తీశారు. అంటే రూ.1,720. ఈ డబ్బు ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూడండి. దొంతర ఒకటే. ఫోటో ఒకటే. లెక్కపెట్టిన మనిషీ ఒకడే. రైతు దగ్గర నుంచి ఎన్ని బస్తాలు రావాలో లెక్కగట్టేటప్పుడు కనబడని 216 బస్తాలూ ఉన్నట్టే లెక్క. రైతుకు ఎన్ని బస్తాల నష్టం జరిగిందో లెక్కగట్టేటప్పుడు కనబడని 36 బస్తాలూ లేనట్టే లెక్క. అప్పు రాసేటప్పుడు ఫోటో వెనక్కి కూడా చూడగలిగింది. నష్టం రాసేటప్పుడు దానికి ముందు వరుస తప్ప ఏమీ కనబడలేదు.

మేము అడిగేది దయ కాదు. ఒకే నియమం అడుగుతున్నాం. కనబడని వాటిని ఊహించి రాయడమే పద్ధతి అయితే, తడిసిన వాటినీ అలాగే రాయండి. కనిపించినవే రాయడం పద్ధతి అయితే, నిల్వ దగ్గర కూడా 84 అనే రాయండి. ఒక చేత్తో ఒక పద్ధతి, ఇంకో చేత్తో ఇంకో పద్ధతి కుదరదు.

ఫోటో నుంచి ఎంతవరకు చెప్పవచ్చు

ఫోటోతో లెక్క అసలే కుదరదని మేము అనడం లేదు. ఎంతవరకు కుదురుతుందో తెలుసుకుని వాడాలంటున్నాం. ఇది మన సభ్యులందరికీ తెలిసి ఉండాలి. రేపు ఎవరైనా ఫోన్ చూపించి అంకె చెబితే, ఆ అంకె ఎలా వచ్చిందో అడగగలగాలి.

ఒకే ఫోటో మనకు రెండు హద్దులు ఇస్తుంది. కింది హద్దు, కళ్లకు కనిపించిన బస్తాలు. మన ఉదాహరణలో 84. అంతకు తక్కువ ఉండే వీలు లేదు. పై హద్దు, పొడవు, లోతు, ఎత్తు హెచ్చవేస్తే వచ్చేది. మన ఉదాహరణలో 300. అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. హెచ్చవేత ఇచ్చేది అసలు సంఖ్య కాదు, అంతకు మించి ఉండకపోవచ్చు అనే సంఖ్య. అది కూడా ముందు కనిపించిన వరుసల కంటే వెనక ఎత్తుగా పేర్చలేదనుకుంటేనే.

ఈ రెండు హద్దులను దగ్గరకు తెచ్చే దారి పైభాగం చూడటం. బస్తా గాలిలో నిలబడదు. పైన ఒక బస్తా కనిపిస్తే దాని కింద అడుగు దాకా బస్తాలు ఉండాలి. అందుకని టార్పాలిన్ తీసి, మెట్టెక్కి, పైనుంచి ఫోటో తీస్తే ఒక్కో నిలువు వరుస ఎంత ఎత్తు ఉందో తెలుస్తుంది. మన ఉదాహరణలో 50 నిలువు వరుసలున్నాయి. అందులో 42 ఆరు బస్తాల ఎత్తు, ఎనిమిది ఐదు బస్తాల ఎత్తు. 42 ఆర్లు 252. ఎనిమిది ఐదులు 40. మొత్తం 292. పైనుంచి తీసిన ఒక్క ఫోటో, కాంటా చీటీల మొత్తం, బస్తా తేడా లేకుండా కలిశాయి.

ఇందులోనూ ఒక మినహాయింపు ఉంది. పైన నిండుగా ఉండి మధ్యలో గుల్ల ఉంటే ఏ ఫోటోకూ దొరకదు. చుట్టూ గోడలా బస్తాలు పేర్చి, లోపల ఖాళీ వదిలి, లేదా ఊక బస్తాలు పెట్టి, పైన మళ్లీ బస్తాలు పరిచే మోసం గోదాముల్లో పనిచేసినవాళ్లకు కొత్త సంగతి కాదు. దాన్ని పట్టుకోవాలంటే దొంతర విప్పాల్సిందే. మన కల్లం పక్కన రెండు రోజుల కోసం పేర్చిన బస్తాల్లో అలా చేసే అవసరం ఎవరికీ లేదు. నెలల తరబడి నిల్వ ఉండే చోట ఉంది. అక్కడ మాత్రం హెచ్చవేతతో తృప్తిపడి, ఇక్కడ రైతును నిలదీయడం ఏ న్యాయం?

అడ్డం పొర, నిలువు పొర

ఇంకో చిక్కు ఉంది. ఇది ఎనిమిది బస్తాల తేడా తెచ్చేది కాదు, ఏకంగా సగానికి సగం తేడా తెచ్చేది.

ఎత్తుగా పేర్చేటప్పుడు హమాలీలు అన్ని పొరలనూ ఒకే దిక్కుగా వేయరు. అలా వేస్తే దొంతర జారిపోతుంది. ఒక పొరలో బస్తాల మూతులు మన వైపు ఉంటే, దాని మీది పొరలో బస్తాలను అడ్డంగా, పొడవు మన వైపు ఉండేలా పెడతారు. గోడకు ఇటుకలు కట్టు కట్టినట్టు బస్తాలు ఒకదానినొకటి పట్టుకుంటాయి. సులువుగా చెప్పుకోవడానికి బస్తా పొడవు వెడల్పుకు రెట్టింపు అనుకుందాం. అసలు బస్తా అంతకు కాస్త తక్కువే ఉంటుంది.

అడుగు పొరలో మన వైపు పది మూతులు కనిపిస్తున్నాయి, లోపలికి మూడు బస్తాలు పట్టాయి. ఆ పొరలో 30 బస్తాలు. రెండో పొరలో బస్తాలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి మన వైపు ఐదే కనిపిస్తాయి, లోపలికి ఆరు పడతాయి. ఐదు ఇంటూ ఆరు, ఇక్కడా 30. పొర మారినా సంఖ్య మారలేదు. ముఖం మీద కనిపించే సంఖ్య మాత్రం పది నుంచి ఐదుకు మారింది.

తెలియనివాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ముందు వైపు అడుగు పొరలో పది లెక్కపెడతారు. పక్క వైపుకు వచ్చి, కంటి ఎత్తులో ఉన్న ఏదో పొరలో ఆరు లెక్కపెడతారు. పది ఇంటూ ఆరు, పొరకు 60 అంటారు. ఉన్నది 30. ఒక పొర పొడవును ఇంకో పొర లోతుతో హెచ్చవేశారు. అదే మరోలా జరిగి ఐదునూ మూడునూ హెచ్చవేస్తే 15 వస్తుంది. అప్పుడు సగం బస్తాలు మాయమవుతాయి. రెండూ ఒకే దొంతర, ఒకే ఫోటో.

అందుకని గుర్తుంచుకోవలసింది ఒకటే. ముందు వైపు ఏ పొరను లెక్కపెట్టారో, పక్క వైపు కూడా అదే పొరను లెక్కపెట్టాలి. మూల మీద వేలు పెట్టి అదే పొర వెంట తిరగాలి. మూతులు, పొడవులు పొర పొరకూ మారుతున్నాయంటే అది కట్టు కట్టిన దొంతర అని అర్థం. అక్కడ ఎవరైనా ఒకే హెచ్చవేతతో అంకె చెబితే, ఏ పొర పట్టుకుని చెప్పారో అడగండి. చెప్పలేకపోతే ఆ అంకెను ఒప్పుకోవద్దు.

వాళ్ల వాదన కూడా విన్నాం

కేంద్రాల వాళ్లతో ఈ విషయం మాట్లాడినప్పుడు వాళ్లు చెప్పిన మాటలూ రాయాలి. మనుషులు తక్కువ, బస్తాలు వేలల్లో ఉంటాయి, సాయంత్రానికి నిల్వ చెప్పమని పైనుంచి ఒత్తిడి ఉంటుంది, ప్రతి దొంతరా విప్పి లెక్కపెట్టడం సాధ్యం కాదు అన్నారు. ధాన్యం రాకుండానే వచ్చినట్టు రాసే దొంగ లెక్కలను ఆపడానికే ఫోటో అన్నారు. ఇందులో నిజం ఉంది. దొంగ లెక్కల వల్ల చెడ్డపేరు మోసేది మనమే కాబట్టి వాటిని ఆపాలని మనమూ కోరుకుంటాం.

కానీ దొంతర విప్పి లెక్కపెట్టమని ఎవరడిగారు? ఆ దొంతర పేర్చకముందే ప్రతి బస్తా కాంటా ఎక్కింది. ఒక్కొక్కటిగా తూచి, ఒక్కొక్కటిగా కుట్టి, ఒక్కొక్కటిగా రాసిన లెక్క అప్పటికే ఉంది. అంతకంటే నమ్మదగిన లెక్క ఇంకేముంటుంది? ఫలానా రోజు ఫలానా చోట ధాన్యం ఉందని చూపడానికి ఫోటో బాగా పనికొస్తుంది. తడిసిందా, కప్పారా, చెక్కలు వేశారా అని చూపడానికి పనికొస్తుంది. కాంటా లెక్కకు సాక్షిగా పనికొస్తుంది. కాంటా లెక్కను కొట్టేసే న్యాయమూర్తిగా మాత్రం పనికిరాదు. సాక్షిని న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టడమే ఇక్కడ జరిగిన తప్పు.

మన వైపు నుంచి చేయాల్సినవి

అడగడం ఒక్కటే సరిపోదు. బస్తాలు పేర్చే రోజున మన చేతుల్లో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ఖర్చు లేనివి.

పేర్చేటప్పుడే పొర పొరకూ లెక్క రాయించండి. ఒక పొర పూర్తి కాగానే మేస్త్రీని అడిగి ఎన్ని పట్టాయో చీటీ మీద వేసుకోండి. ఆఖరి పొర చీటీని కాంటా మొత్తంతో సరిచూసి, కేంద్రం వాళ్ల సంతకం తీసుకోండి.

నిండని పొర ఉంటే దాన్ని వెనక దాచవద్దు. మిగిలిన బస్తాలను పైన వెనక వరుసలో పెట్టే బదులు దొంతర ముందు విడిగా పెట్టించండి. ఆ రోజు ఆ 42 బస్తాలు రోడ్డు వైపు విడిగా ఉండి ఉంటే ఎవరూ 300 అనేవారు కాదు.

దొంతర వెనక మనిషి నడిచేంత దారి వదలండి. గోడకు ఆనించి పేరిస్తే ఒక వైపు ఎప్పటికీ ఎవరూ చూడలేరు. అడుగున చెక్కలో రాళ్లో వేయించండి. చెక్కలు ఇవ్వకపోతే ఇవ్వలేదని ఫోటోలో పడేలా చూడండి.

టార్పాలిన్ కప్పకముందు ఐదు ఫోటోలు తీయండి. నాలుగు వైపులా నాలుగు, ఎత్తు నుంచి పైభాగం ఒకటి. పలక మీద తేదీ, బస్తాల సంఖ్య, రైతు పేరు రాసి దొంతరకు ఆనించి పెట్టండి. వాన పడితే మళ్లీ తీయండి. అడుగు పొర తడిస్తే కనిపించేవి ఎన్ని, ఆ పొరలో మొత్తం ఎన్ని అని రెండు అంకెలూ రాసి ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి నకలు మీ దగ్గర ఉంచుకోండి.

సంఘం డిమాండ్లు

ఫోటో ఆధారంగా నిల్వ రాసే ప్రతిచోటా కనిపించిన బస్తాలు ఎన్ని, అంచనా వేసినవి ఎన్ని అని రెండు గడులు ఉండాలి. రెండింటినీ కలిపి ఒక్క అంకెగా రాయడం మానాలి.

కాంటా చీటీల మొత్తానికీ ఫోటో అంచనాకూ తేడా వస్తే కాంటా లెక్కే చెల్లాలి. తేడా తేల్చే పేరుతో రైతు బిల్లు ఆపకూడదు. అనుమానం ఉంటే రైతు, మేస్త్రీ ఎదుట దొంతర విప్పి లెక్కపెట్టాలి. ఆ కూలి అనుమానపడ్డవారు భరించాలి.

అడుగు నుంచి నీళ్లు చేరిన దొంతరలో అడుగు పొర మొత్తాన్ని తడిసినట్టు నమోదు చేయాలి. కనబడనంత మాత్రాన పొడి బస్తా అని రాయకూడదు. మన సభ్యుడికి రావలసిన ఆ 72 కిలోల డబ్బు ఈ పద్ధతి మీదే చెల్లించాలి.

ఈ మూడింటితో వినతిపత్రం తయారైంది. ఈ నెల మండల సమావేశాల్లో చదివి సంతకాలు తీసుకుంటాం. వచ్చేటప్పుడు మీ కాంటా చీటీలు, మీ ఫోన్లలో ఉన్న బస్తాల ఫోటోలు తీసుకురండి. కూర్చుని కలిసి లెక్కపెడదాం. ముందు కనిపించేవెన్నో, వెనక ఉన్నాయని చెప్పినవెన్నో, ఆ చెప్పినదానికి డబ్బు ఎవరు కట్టారో అందరం చూద్దాం.